ఆఫీసులో ఐపీఎల్ పోటీ: మొదటి బంతికి ముందే పంపాల్సిన మెసేజ్

లండన్‌లోని ఒక కంపెనీలో పన్నెండు మంది తెలుగు ఉద్యోగులు ఐపీఎల్ సీజన్ మొత్తానికి ‘ఎవరు గెలుస్తారో చెప్పు’ పోటీ పెట్టుకున్నారనుకుందాం. లండన్ అనడానికి కారణం ఉంది. ఒకే యజమాని దగ్గర జీతం తీసుకునేవాళ్లు తమలో తాము లాభాపేక్ష లేకుండా కాసుకునే పందేలకు బ్రిటన్‌లోని 2005 గ్యాంబ్లింగ్ చట్టం లైసెన్సు అడగదు. పక్క సీట్లో కూర్చునేవాడే అయినా, వేరే కంపెనీ తరఫున వచ్చిన కన్సల్టెంట్ ఆ మినహాయింపులోకి రాడు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇదే పని డబ్బు పెట్టి చేస్తే నేరం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలనూ నిషేధంలో చేర్చాయి. అక్కడివాళ్లు ఫీజు లేకుండా పాయింట్ల కోసమే ఆడుకోవాలి.

పోటీ నడిపే వ్యక్తి పంపాల్సిన మెసేజ్ ఇలా ఉంటే చాలు:

“అందరికీ నమస్కారం. ఫీజు మనిషికి 10 పౌండ్లు, మొదటి మ్యాచ్‌కు ముందే కట్టాలి. కట్టనివాళ్ల పేరు పట్టికలో ఉండదు. వచ్చిన 120 పౌండ్లూ బహుమతులకే: మొదటి స్థానానికి 60, రెండుకు 36, మూడుకు 24. లీగ్ మ్యాచ్ విజేతను సరిగ్గా చెబితే 1 పాయింటు, ప్లేఆఫ్‌లో 2, ఫైనల్లో 3. టాస్‌కు పావుగంట ముందే మీ జవాబు ఫారంలో చేరాలి. ఆలస్యమైతే ఆ మ్యాచ్‌కు సున్నా. సూపర్ ఓవర్‌లో గెలిచినా గెలుపే. ఫలితం తేలని మ్యాచ్‌కు ఎవరికీ పాయింట్లు లేవు.”

ఇందులో గొడవలు ఎక్కువగా వచ్చేది గడువు దగ్గర. టాస్ పడ్డాక ఎవరు ఛేజ్ చేస్తున్నారో, తుది జట్టులో ఎవరున్నారో తెలిసిపోతుంది. అది చూసి చెప్పినవాడికీ పొద్దున్నే చెప్పినవాడికీ పోటీ సమానం కాదు. గడియారం మరో చిక్కు. భారత్‌లో రాత్రి ఏడింటికి పడే టాస్ లండన్‌లో మధ్యాహ్నం ఒకటిన్నరకు పడుతుంది. మార్చి ఆఖరి ఆదివారం అక్కడ గడియారాలు ఒక గంట ముందుకు జరిపాక అదే టాస్ రెండున్నరకు వస్తుంది. 2025 సీజన్ మార్చి 22నే మొదలైంది కాబట్టి తొలి వారం ఒక లెక్క, ఆ తర్వాత ఇంకో లెక్క. అందుకే గడువును భారత కాలమానంలోనే రాయడం మంచిది.

జవాబులు గ్రూపులో అందరికీ కనబడేలా పెట్టడం అంతకన్నా పెద్ద తప్పు. మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నవాడు రోజూ రెండో స్థానంలోని వ్యక్తి జవాబునే కాపీ కొడితే ఆ తేడా ఎప్పటికీ తగ్గదు. ఇక ఆటేముంది? జవాబులు ఫారంలో మూసి ఉండాలి, గడువు దాటాకే అందరికీ చూపించాలి. నిర్వాహకుడు కూడా ఆడుతుంటే ఫారంలోకి వచ్చినవన్నీ అతనికి ముందే కనిపిస్తాయి. కాబట్టి అతను ఇతరుల జవాబులు తెరవకముందే తనది మరో సహోద్యోగికి పంపాలి. ఈ ఒక్క వాక్యం మెసేజ్‌లో ఉంటే అతన్ని ఎవరూ వేలెత్తి చూపలేరు.

డబ్బు పంపకంలో చిక్కు సమాన పాయింట్లతో వస్తుంది, అదీ తరచుగానే వస్తుంది. డెబ్బై లీగ్ మ్యాచ్‌లకు నాణెం ఎగరేసి చెప్పినా సుమారు ముప్పై అయిదు సరిపోతాయి. బాగా ఆట తెలిసినవాళ్లు కూడా దానికి కొద్దిగా పైనే గుంపుగా ఉంటారు. ఇద్దరు మొదటి స్థానంలో సమానమైతే ఒకటి, రెండు బహుమతులు కలిపి పంచాలి: 60, 36 కలిపితే 96, చెరి 48. మూడో స్థానంవాడి 24 అలాగే ఉంటుంది. రెండో స్థానంలో ముగ్గురుంటే 36, 24 కలిపి తలా 20. నిర్వాహకుడు కమీషన్ తీసుకోకూడదు. లెక్కలు రాసినందుకు అయిదు పౌండ్లు ఉంచుకున్నా అది స్నేహితుల పోటీ కాదు, వ్యాపారమవుతుంది.

చివరిగా, టోర్నీయే ఆగిపోతే? 2025లో ఆ పరిస్థితి నిజంగానే వచ్చింది. మే 5న ఉప్పల్‌లో సన్‌రైజర్స్, ఢిల్లీ మ్యాచ్ వర్షానికి రద్దయింది. మూడు రోజుల తర్వాత ధర్మశాలలో పంజాబ్, ఢిల్లీ మ్యాచ్‌ను మధ్యలోనే ఆపేశారు. లీగ్ మర్నాడు వాయిదా పడి మే 17న తిరిగి మొదలైంది. ఉప్పల్ మ్యాచ్‌కు చెరో పాయింటు ఇచ్చి ముగించారు. ధర్మశాల మ్యాచ్‌ను మాత్రం మే 24న జైపూర్‌లో మొదటి నుంచి ఆడించారు. కాబట్టి మెసేజ్‌లో మరో రెండు వాక్యాలు చేర్చాలి: “మళ్లీ ఆడించే మ్యాచ్‌కు పాత జవాబులు చెల్లవు, కొత్తవి పంపాలి. టోర్నీ పూర్తిగా రద్దయితే, సగం మ్యాచ్‌లు దాటి ఉంటే అప్పటి పట్టిక ప్రకారం బహుమతులు ఇస్తాం, దాటకపోతే ఎవరి పది పౌండ్లు వాళ్లకు వారంలోగా వాపసు.”