రెండు భాషల రిసెప్షన్‌లో నాలుగు నిమిషాలు

అమ్మాయిది విజయవాడ, అబ్బాయిది కోయంబత్తూరు, రిసెప్షన్ అబ్బాయి వాళ్ల ఊళ్లో అనుకుందాం. పెళ్లికూతురి తండ్రి మైకు అందుకుని ఒక్కో వాక్యం తెలుగులో చెబుతుంటే, పక్కనున్న బంధువు దాన్ని తమిళంలోకి మారుస్తుంటాడు. 4 నిమిషాల ప్రసంగం 8 నిమిషాలవుతుంది. చమత్కారానికి మనవాళ్లు నవ్వి ఊరుకున్నాక గానీ వియ్యాలవారికి నవ్వు రాదు. ఈలోగా స్టేజీ కింద ఫొటోల వరస పెరిగిపోతుంది.

అందుకే వాక్యానికి వాక్యం అనువదించకూడదంటాను. ఏ భాషలో ఏం చెప్పాలో ముందే పంచుకోవాలి. పలకరింపు, వియ్యాలవారికి కృతజ్ఞతలు, భోజనానికి పిలుపు తమిళంలో ఉంచుకుంటే చాలు. అమ్మాయి చిన్ననాటి ముచ్చట మాత్రం తండ్రి తెలుగులోనే చెప్పాలి, ఎందుకంటే అరువు భాషలో గొంతు పలకదు. కరెంటు పోయిన ప్రతిసారీ ఆ పిల్ల టార్చిలైటు పట్టుకుని పక్కింటి మామ్మగారి దగ్గరికి పరుగెత్తేదనుకోండి. ఆ సంగతి ముందుగా తమిళంలో రెండు ముక్కల్లో చెప్పించి, తర్వాత తెలుగులో తీరిగ్గా చెప్పాలి. కథ ముందే తెలిస్తే అటువాళ్లు తండ్రి ముఖం చూస్తూ వింటారు, అందరూ ఒకేసారి నవ్వుతారు. సినిమా డైలాగులు, మాటల విరుపులు మాత్రం వదిలేయాలి. అవి సరిహద్దు దాటవు.

తమిళ వాక్యాలను తెలుగు లిపిలో రాసుకునేటప్పుడే చాలామంది దెబ్బతింటారు. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం. అక్షరాన్ని బట్టి రాసుకుంటే 'పోకణుం' అవుతుంది, జనం అనేది 'పోగణుం'. కృతజ్ఞత చెప్పే మాట రాతలో 'నన్ఱి', నోట్లో 'నండ్రి'. కాబట్టి పుస్తకం చూసి కాదు, పెళ్లికొడుకు అక్కో పిన్నో ఫోనులో పలికి పంపితే విని రాసుకోవాలి. 'అనైవరుక్కుం వణక్కం', 'ఎంగ పొణ్ణు ఇనిమేల్ ఉంగ పొణ్ణు', అంటే మా అమ్మాయి ఇకపై మీ అమ్మాయి. ఇలాంటివి నాలుగైదు వాక్యాలు చాలు. తాతగార్ల, మామయ్యల పేర్లు కూడా ఆ ఫోనులోనే పలికించుకోవాలి. పేరు తప్పు పలికితే ఎంత మంచి తమిళమైనా ఆ తప్పును కప్పలేదు.

చాలామందికి తట్టని సంగతి మరొకటుంది. మన దగ్గర రిసెప్షన్ సాధారణంగా పెళ్లయ్యాక జరుగుతుంది. తమిళుల ఇళ్లలో చాలాసార్లు ముహూర్తానికి ముందు రోజు సాయంత్రమే పెట్టుకుంటారు. అక్కడ 'నూతన దంపతులు' అంటే ఇంకా తాళి పడని జంటను దంపతుల్ని చేసినట్టవుతుంది. 'అల్లుడు' అనకుండా పేరుతో పిలిచి, రేపటి ముహూర్తానికి అందరూ రావాలని కోరాలి.

వేళ కూడా చూసుకోవాలి. జంట స్టేజీ ఎక్కగానే, కానుకల వరస కదలకముందే మాట్లాడాలి. వరస మొదలయ్యాక ఏ భాషలో చెప్పినా వినేవాళ్లుండరు. చివరి వాక్యం భోజనం పిలుపు: 'ఎల్లారుం సాప్పిట్టుట్టు దాన్ పోగణుం.' అందరూ భోంచేసే వెళ్లాలి. అది తమిళంలో అన్నాక మనవాళ్ల కోసం తెలుగులోనూ అనేసి, మైకు పెళ్లికొడుకు తండ్రికి ఇచ్చేయాలి.