క్రియాటినిన్ ఒకటే... కిడ్నీల లెక్క వేరు!

అప్పనపల్లిలో ఇద్దరు ఒకే రోజు రక్తపరీక్ష చేయించుకున్నారనుకుందాం. ఒకరు కొబ్బరికాయలు దింపే 28 ఏళ్ల యువకుడు. మరొకరు బక్కపలచని 70 ఏళ్ల మామ్మగారు. ఇద్దరికీ సీరం క్రియాటినిన్ 1.1 వచ్చింది. రిపోర్టులో పక్కనే ఉన్న పరిధి 0.6 నుంచి 1.2. అంటే ఇద్దరికీ ‘నార్మల్’. కానీ లెక్క కడితే యువకుడి కిడ్నీల వడపోత వేగం నిమిషానికి సుమారు 94 మిల్లీలీటర్లు, మామ్మగారిది 54!

క్రియాటినిన్ మన కండరాల్లో రోజూ తయారయ్యే వ్యర్థం. దాన్ని కిడ్నీలు వడపోసి మూత్రంలోకి పంపుతాయి. చెట్లెక్కే యువకుడికి కండ ఎక్కువ కాబట్టి క్రియాటినిన్ కూడా ఎక్కువే పుడుతుంది. 1.1 దగ్గర ఉందంటే కిడ్నీలు బాగానే తోడేస్తున్నట్టు. మామ్మగారి ఒంట్లో కండ తక్కువ, పుట్టేదే కొంచెం. అయినా 1.1 ఉందంటే వడపోత తగ్గిందన్నమాట.

అందుకే వయసును, ఆడా మగా తేడాను కలిపి అంచనా వేస్తారు. అదే ఈజీఎఫ్ఆర్. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది 2021 నాటి సీకేడీ-ఎపి సూత్రం. మామ్మగారి లెక్క ఇదీ:

```
142 × (1.1 ÷ 0.7)^-1.2 × 0.9938^70 × 1.012 = 54
```

0.7 మహిళలకు వాడే అంకె, మగవారికైతే 0.9. క్రియాటినిన్ ఆ అంకెను దాటేకొద్దీ ఫలితం తగ్గుతుంది. 0.9938ని వయసు ఎంతో అన్నిసార్లు గుణిస్తారు. చివరి 1.012 మహిళలకు మాత్రమే. క్రియాటినిన్ 0.7 (మగవారికి 0.9) కన్నా తక్కువైతే -1.2 స్థానంలో వేరే అంకె వస్తుంది. ఇదంతా కంప్యూటరే చేస్తుంది. రిపోర్టులో eGFR లేకపోతే ల్యాబ్‌ వాళ్లను అడగండి.

అసలు మోసం మరోచోట ఉంది. అదే వయసులో మామ్మగారి క్రియాటినిన్ 0.8 ఉంటే ఈజీఎఫ్ఆర్ 79. అది 1.1కి చేరితే 54. పెరిగింది 0.3 మాత్రమే, రెండూ ‘నార్మల్’ గడిలోనివే. పాత రిపోర్టులు పారేయొద్దని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

అలాగని ఒక్క 54 చూసి బెంబేలు పడక్కర్లేదు. ముందురోజు మాంసాహారం ఎక్కువగా తిన్నా, వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా అంకె మారుతుంది. 60 కన్నా తక్కువ మూడు నెలలకు పైగా కొనసాగితేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష కూడా చేయిస్తారు. అయితే అది బాగుందని ఊరుకోలేం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చాలామంది బాధితులకు మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, వడపోత మాత్రం పడిపోతుంది.

ఈ సూత్రానికీ హద్దులున్నాయి. అది కండను కొలవదు, వయసును బట్టి ఊహిస్తుంది. మరీ చిక్కిపోయినవారిలో అసలు వడపోత అంచనా కన్నా తక్కువే ఉండొచ్చు. గర్భిణులకు, ఉన్నట్టుండి కిడ్నీలు దెబ్బతిన్నవారికి ఇది నప్పదు. 18 ఏళ్ల లోపువారికి వేరే సూత్రముంది. సందేహముంటే కండతో పెద్దగా సంబంధం లేని సిస్టాటిన్-సి రక్తపరీక్ష చేయిస్తారు. అయితే థైరాయిడ్ జబ్బు ఉన్నా, స్టెరాయిడ్లు వాడుతున్నా అదీ తప్పుదోవ పట్టించొచ్చు. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.