మొక్కజొన్న గింజల్లో విడిపోని జంట

మొక్కజొన్న కండెలో ప్రతి గింజకూ విడిగా ఒక పీచు ఉంటుంది. ఆ పీచు మీద పడిన పుప్పొడి రేణువే ఆ గింజకు తండ్రి. ఒక్క కండెలో వందల గింజలుంటే, ఒకే తల్లికి పుట్టిన వందలమంది పిల్లలు వరుసలు కట్టి ఉన్నట్టే. గింజ రంగు, నిండుదనం లాంటి లక్షణాలు చూడాలంటే మళ్లీ నాటి మొక్క పెరిగేదాకా ఆగనక్కర్లేదు, కండె ఒలిచి లెక్కపెడితే చాలు. అనువంశికత లెక్కలు కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొక్కజొన్నే సరైన పంట అని నా అభిప్రాయం.

రెండు లక్షణాలు తీసుకుందాం. గింజ పైతొక్క కింది పలచని పొరకు రంగు ఉండటం బహిర్గత లక్షణం, లేకపోవడం అంతర్గత లక్షణం. రంగునిచ్చే జన్యురూపాన్ని C అని, ఇవ్వనిదాన్ని c అని రాస్తారు. అలాగే గింజ నిండుగా ఉండటం బహిర్గతం (Sh), ఎండి ముడుచుకుపోయినట్టు నొక్కుకుపోవడం అంతర్గతం (sh).

రెండు లక్షణాల సంకరం అనగానే మనకు బడిలో చెప్పిన 9:3:3:1 గుర్తొస్తుంది. మెండెల్ 1866లో అచ్చువేసిన బఠాణీ ఫలితాల్లో 556 గింజలు 315, 101, 108, 32గా విడిపోయాయి. ఆ నిష్పత్తికి ఇవి చాలా దగ్గర. కానీ ఆ నిష్పత్తి వెనక ఒక షరతుంది. ఒక జంట జన్యువులు ఎటు వెళ్లాయన్నదానితో సంబంధం లేకుండా రెండో జంట విడిపోవాలి. ఆ షరతు నెరవేరిందో లేదో తేల్చడానికి 9:3:3:1 కంటే సూటి దారి ఒకటుంది. దాన్ని పరీక్షా సంకరణం అంటారు.

స్వచ్ఛమైన రంగు-నిండు రకాన్ని, స్వచ్ఛమైన తెలుపు-నొక్కు రకంతో కలిపితే మొదటి తరం గింజలన్నీ రంగుతో నిండుగా వస్తాయి. ఈ తరం మొక్కను మళ్లీ తెలుపు-నొక్కు రకంతో కలపాలి. ఆ రెండో మొక్క ఇవ్వగలిగింది c sh ఒక్కటే కాబట్టి, గింజ రూపంలో అది దేన్నీ మరుగుపరచదు. సంకర మొక్క తన సంయోగబీజంలో ఏం పంపిందో అదే గింజ మీద కనిపిస్తుంది. రెండు జంటలూ స్వేచ్ఛగా విడిపోతే నాలుగు రకాల గింజలూ సమానంగా రావాలి.

1920ల తొలినాళ్లలో అమెరికాలో హచిసన్ సరిగ్గా ఈ సంకరమే చేశారు. వచ్చిన గింజలు మొత్తం 8,368. స్వేచ్ఛగా విడిపోయి ఉంటే ఒక్కో రకం 2,092 రావాలి. వచ్చింది వేరు: రంగు-నిండు 4,032, తెలుపు-నొక్కు 4,035, రంగు-నొక్కు 149, తెలుపు-నిండు 152.

ఇక్కడ తొందరపడి జన్యువులు అంటిపెట్టుకుని ఉన్నాయని తీర్పు చెప్పకూడదు. ముందు ఒక్కో లక్షణాన్ని విడిగా చూడాలి. రంగు గింజలు 4,181, తెలుపువి 4,187. నిండువి 4,184, నొక్కువి కూడా 4,184. విడివిడిగా చూస్తే రెండూ సగం సగమే, మెండెల్ చెప్పినట్టే. ఒకవేళ నొక్కు గింజలు సరిగా కట్టక రాలిపోయి ఉంటే, లేదా కొన్నింటి రంగును తప్పుగా గుర్తించి ఉంటే, ఈ సగం సగం లెక్కే చెడిపోయేది. అది చెడలేదు. విడిగా సరిపోయిన లక్షణాలు కలిపి చూసేసరికి సరిపోకపోవడమే సహలగ్నతకు ఆనవాలు. ఈ మెట్టు దాటవేసి నేరుగా సూత్రంలో అంకెలు వేసే విద్యార్థులు చాలామంది ఉంటారు.

ఎక్కువ సంఖ్యలో వచ్చిన రెండు రకాలూ తాతల రూపాలే. తక్కువగా వచ్చిన 149, 152 కొత్త కలయికలు. రెండూ కలిపితే 301. దాన్ని 8,368తో భాగించి నూటితో గుణిస్తే 3.6 శాతం. అంటే సంకర మొక్క తయారుచేసిన ప్రతి వంద సంయోగబీజాల్లో తొంభై ఆరుకు పైగా పాత జతలనే యథాతథంగా మోసుకొచ్చాయి.

కారణం, ఈ రెండు జన్యువులూ మొక్కజొన్న తొమ్మిదో క్రోమోజోము మీద దగ్గరదగ్గరగా ఉన్నాయి. క్షయకరణ విభజనలో జతకట్టిన క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి. ఆ మార్పిడి సరిగ్గా ఈ రెండింటి మధ్య జరిగితేనే కొత్త కలయిక పుడుతుంది. మధ్య దూరం తక్కువైతే ఆ అవకాశమూ తక్కువ. అందుకే ఈ శాతాన్నే దూరానికి కొలతగా వాడి, ఇవి 3.6 యూనిట్ల ఎడంలో ఉన్నాయంటారు. ముక్కలు నిజంగానే చేతులు మారుతున్నాయని 1931లో హారియట్ క్రెయిటన్, బార్బరా మెక్‌క్లింటాక్ ఇదే తొమ్మిదో క్రోమోజోము మీద, సూక్ష్మదర్శినిలో గుర్తుపట్టగల చివరలున్న క్రోమోజోములతో చూపించారు. అయితే ఈ కొలతకు హద్దుంది. కొత్త కలయికలు 50 శాతం దాటవు. ఒకే క్రోమోజోము మీద బాగా దూరంగా ఉన్న జన్యువులు వేర్వేరు క్రోమోజోముల మీద ఉన్నట్టే ప్రవర్తిస్తాయి.

ఇప్పుడు లెక్కను తిరగేద్దాం. మొదటి తాతలు రంగు-నొక్కు, తెలుపు-నిండు రకాలైతే? హచిసన్ అదీ చేశారు. 43,785 గింజల్లో రంగు-నొక్కు 21,379, తెలుపు-నిండు 21,096, రంగు-నిండు 638, తెలుపు-నొక్కు 672. ఎక్కువ తక్కువలు తారుమారయ్యాయి. అంటే రంగుకు నిండుదనం మీద ప్రత్యేకమైన మమకారమేమీ లేదు. ఏ జత కలిసి వచ్చిందో ఆ జతే కలిసి వెళుతుంది. కొత్త కలయికలు 1,310, అంటే 3 శాతం. ఇందాకటి 3.6కు ఇది దగ్గరే కానీ సమానం కాదు. రకాన్ని బట్టి, వాతావరణాన్ని బట్టి ఈ శాతం కొంత మారుతుంది.

పంటల పెంపకందారుకు అసలు చిక్కు ఈ రెండో సంకరంలోనే ఉంది. అతనికి తెలుపు-నొక్కు గింజ కావాలనుకుందాం. మొదటి తరాన్ని తనలో తానే ఫలదీకరించాడు. స్వేచ్ఛగా విడిపోయే జన్యువులైతే పదహారింటికి ఒకటి వస్తుంది, 47 గింజలుంటే కనీసం ఒకటి దొరకడానికి 95 శాతం అవకాశం. ఇక్కడ c sh సంయోగబీజం 1.5 శాతమే. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ అదే రావాలి కాబట్టి 0.015ను దానితోనే గుణించాలి. దాదాపు 4,400 గింజలకు ఒకటి. అదే భరోసా కావాలంటే 13 వేలకు పైగా గింజలు చూడాలి.

వరిలో ఈ రెండు పరిస్థితులూ ఒకే పనిలో ఎదురవుతాయి. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి (బీపీటీ 5204) బాక్టీరియా ఎండాకు తెగులుకు లొంగిపోతుంది. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి Xa21, xa13, xa5 అనే మూడు నిరోధక జన్యువులను దానిలోకి తెచ్చాయి. 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అదే. ఈ మూడూ వరుసగా 11, 8, 5 క్రోమోజోముల మీద ఉన్నాయి కనుక స్వేచ్ఛగా విడిపోతాయి. మూడూ ఒక్కో ప్రతిగా ఉన్న మొక్కను సాంబ మసూరితో కలిపితే, ఎనిమిదింటికి ఒక మొక్కలో మూడూ ఉంటాయి. కానీ xa13, xa5 అంతర్గతాలు. ఒక్క ప్రతి ఉన్నప్పుడు వాటి నిరోధకత బయటపడదు, తెగులు ఎక్కించి చూసినా ఆ మొక్కను ఏరలేరు. అక్కడ సహలగ్నతే సాయపడింది. జన్యువుకు అతి దగ్గరగా ఉండి, దానితో కలిసే ప్రయాణించే డీఎన్‌ఏ గుర్తును ఆకు ముక్కలో వెతికి మొక్కను ఎంచుకుంటారు. Xa21కు pTA248 అలాంటి గుర్తు. అదే సహలగ్నత దాత రకం నుంచి అక్కర్లేని ముక్కలనూ వెంట లాక్కొస్తుంది. వాటిని తెంచాలంటే జన్యువుకు ఇరుపక్కలా మార్పిడి జరిగిన అరుదైన మొక్కల కోసం తరం తర్వాత తరం వెతకాల్సిందే.