వాచీ బెల్టు కింద చెమట ఎటు పోతుంది?

వాచీ బెల్టు కొనేటప్పుడు మనం ముందు రంగు చూస్తాం, తర్వాత డయల్‌కు నప్పిందా అని చూస్తాం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి ఉక్కపోత ఊళ్లలో ఉండేవాళ్లు అంతకంటే ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది. మణికట్టు మీద పట్టిన చెమటను ఆ బెల్టు ఏం చేస్తుంది? తోలు, స్టీలు, రబ్బరు, బట్ట ఒక్కోటి ఒక్కో పని చేస్తాయి.

తోలు చెమటను పీల్చుకుంటుంది. తోలు మెత్తగా వంగాలంటే దాని పోగుల మధ్య నూనె ఉండాలి. చెమట లోపలికి దిగి ఆరిన ప్రతిసారీ కొంత నూనె పోతుంది, ఉప్పు మిగులుతుంది. కొన్నాళ్లకు పోగులు బిరుసెక్కుతాయి. ముందుగా బకిల్ వేసే రంధ్రం దగ్గర, రోజూ వంగే చోట, పగుళ్లు కనిపిస్తాయి. చర్మానికి తగిలే లోపలి పొర నల్లబడుతుంది, వాసన వస్తుంది. ఆ వాసన చెమట తడిలో పెరిగే బ్యాక్టీరియాది కాబట్టి పైన సెంటు కొట్టినా పోదు. ఏసీ గదిలో కూర్చుని చేసే ఉద్యోగానికి, చలికాలానికి తోలు చక్కగా సరిపోతుంది. అయినా వరసగా రోజూ పెట్టుకోకుండా మధ్యలో ఒక రోజు నీడలో గాలికి ఆరనివ్వాలి. ఎండలో పెడితే ఇంకా త్వరగా బిరుసవుతుంది.

స్టీలు చైను చెమటను పీల్చదు. లింకుల సందుల్లోంచి గాలి ఆడుతుంది కాబట్టి మణికట్టు త్వరగా ఆరుతుంది. అయితే ఆ సందుల్లోనే చెమట, దుమ్ము, సబ్బు కలిసి నల్లటి మడ్డిలా పేరుకుంటాయి. వాచీకి నీళ్లను తట్టుకునే శక్తి ఉంటే కిరీటం బాగా నొక్కి, గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు, మెత్తటి బ్రష్‌తో రెండు వారాలకోసారి కడగాలి. లేకపోతే చైను విప్పి కడగాలి. మంచి చైన్లకు వాడే 316ఎల్ స్టీలు తుప్పును బాగా తట్టుకుంటుంది. ఇత్తడి మీద పూత వేసిన చౌక చైనులో పూత అరిగాక చర్మం పచ్చబడుతుంది. నికెల్ పడనివాళ్లకు సరిగ్గా క్లాస్ప్ తగిలే చోట దురద, దద్దుర్లు వస్తాయి. కరెంటు పని చేసేవాళ్లు మాత్రం ఏ లోహపు చైనూ పెట్టుకోకూడదు. లేతు వంటి తిరిగే యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లు ఏ వాచీ అయినా తీసి పక్కన పెట్టాల్సిందే.

రబ్బరు చెమటను పీల్చదు, పోనివ్వదు కూడా. తడి బెల్టుకూ చర్మానికీ మధ్య చిక్కుకుంటుంది. గంటల తరబడి అలా నానితే చర్మం తెల్లబడి, తర్వాత ఎర్రగా కందుతుంది. చాలామంది దీన్ని ఎలర్జీ అనుకుంటారు గానీ ఎక్కువసార్లు కారణం ఆ తడే. అందుకే అడుగున గాళ్లున్న బెల్టు ఎంచుకుని, కొంచెం వదులుగా కట్టుకుని, సాయంత్రం కుళాయి కింద కడిగి, రాత్రి తీసేయాలి. సిలికాన్ మెత్తగా ఉంటుంది గానీ దుమ్ము, నూగు పట్టుకుంటాయి. పిన్ను దూరే చోట చిరుగుతుంది కూడా. గ్రీజు, ఇంజను ఆయిల్ తగిలే మెకానిక్కులకు ఎఫ్‌కెఎం అనే రబ్బరు మేలు. ధర ఎక్కువైనా నూనెను, వేడిని బాగా తట్టుకుంటుంది.

బట్ట బెల్టుల్లో నైలాన్‌ది ప్రత్యేక స్థానం. అది తక్కువ నీరు పీల్చుకుంటుంది, పట్టిన తడిని నేత మీదంతా పరుస్తుంది కాబట్టి త్వరగా ఆరుతుంది. బ్రిటన్ రక్షణ శాఖ 1973లో సైనికుల వాచీలకు బూడిద రంగు నైలాన్ పట్టీకి ప్రమాణాలు నిర్ణయించింది. నేడు నాటో స్ట్రాప్ పేరుతో దొరుకుతున్నది దాని వారసురాలే. వాచీ కిందుగా దూరి వెళ్లే ఒకే పట్టీ కాబట్టి ఒక పిన్ను ఊడినా వాచీ కింద పడదు. అయితే వంట పనిలో ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు, పిండి, నూనె నేతలోకి ఎక్కేస్తాయి.

ఇప్పుడు కాకినాడలో బైకు మీద తిరిగే మెడికల్ రిప్రజెంటేటివ్ సంగతి చూద్దాం. మే నెలలో పగలంతా ఎండ, డాక్టర్ గదిలోకి వెళ్లేసరికి నీటుగా కనిపించాలి. తోలు నీటుగా ఉంటుంది గానీ ఆ చెమటకు నిలవదు. రబ్బరు నిలుస్తుంది గానీ పగలంతా తీయకపోతే చర్మం కందుతుంది. అతనికి స్టీలు చైను సరైనది. అయితే క్లాస్ప్ దగ్గర రెండు మూడు సర్దుబాటు రంధ్రాలున్నది తీసుకోవాలి. వేడికి మధ్యాహ్నం మణికట్టు కాస్త ఉబ్బుతుంది, ఒక రంధ్రం వదులు చేస్తే చాలు. చైను బరువు నచ్చకపోతే ముదురు రంగు నైలాన్ పట్టీలు రెండు కొని, ఒకటి ఉతికి ఆరేస్తూ మార్చి మార్చి కట్టుకోవచ్చు. కొనే ముందు కేసుకు బెల్టు తగిలే రెండు కొసల మధ్య ఖాళీని స్కేలుతో కొలవాలి. ఎక్కువ వాచీలకు అది 18, 20 లేదా 22 మిల్లీమీటర్లు ఉంటుంది. అతని తోలు బెల్టును పారేయక్కర్లేదు, డిసెంబరు వచ్చాక మళ్లీ తగిలించుకోవచ్చు.