లిమిట్ పెంచమని బ్యాంకును ఎప్పుడు అడగాలి?

క్రెడిట్ కార్డు బిల్లు ఒక్క నెలా తప్పకుండా, గడువులోపే పూర్తిగా కట్టేవారికి కూడా సిబిల్ స్కోరు అనుకున్నంత ఉండకపోవచ్చు. కారణం చాలాసార్లు లిమిట్‌లోనే ఉంటుంది.

ఒక ఉద్యోగి సంగతి ఊహించండి. కార్డు లిమిట్ 50,000 రూపాయలు. సరుకులు, పెట్రోలు, పిల్లల ఫీజులు కలిపి నెలకు 30,000 దాకా కార్డు మీదే వాడతాడు. బిల్లు రాగానే కట్టేస్తాడు, వడ్డీ పడదు. కానీ బ్యాంకు సిబిల్ వంటి సంస్థలకు వివరాలు పంపేది అతను కట్టాక కాదు, తన లెక్క ప్రకారం. 2025 జనవరి నుంచి పదిహేను రోజులకోసారి పంపాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. పంపే నాటికి 30,000 బాకీ కనిపిస్తే, లిమిట్‌లో 60 శాతం వాడేసినట్టు. ఇది 30 శాతం లోపు ఉంటే మేలని రుణరంగంలో అందరూ చెప్పేమాట. అంతకు మించి వాడేవారిని డబ్బుకు ఇబ్బంది పడుతున్నవారిగా స్కోరు లెక్క అనుమానిస్తుంది.

అతని లిమిట్ లక్షన్నరకు పెరిగిందనుకుందాం. ఖర్చు అదే 30,000 అయితే వాడకం 20 శాతానికి దిగుతుంది, స్కోరు మెరుగుపడే అవకాశం ఉంటుంది. ఖర్చు కూడా 90,000కు పెరిగిందా, శాతం మళ్లీ 60కే వస్తుంది. పైగా బిల్లు మూడింతలు. అప్పుడు మినిమం డ్యూ మాత్రమే కట్టడం మొదలైతే, నెలకు మూడు శాతం పైచిలుకు వడ్డీ చాలా కార్డుల్లో మామూలే. గడువు దాటితే స్కోరుకు జరిగే నష్టం ముందు లిమిట్ పెరిగిన లాభం ఏ మూలకూ రాదు.

అడిగే తీరులోనూ తేడా ఉంది. బ్యాంకే యాప్‌లో ముందుగా ఇచ్చిన ఆఫర్‌ను ఒప్పుకుంటే సాధారణంగా కొత్త విచారణ ఉండదు. మనంతట మనం జీతం పత్రాలతో అడిగినప్పుడు బ్యాంకు మన క్రెడిట్ రిపోర్టు తెప్పించుకోవచ్చు. అది ఎంక్వైరీగా నమోదైతే స్కోరు కాస్త తగ్గుతుంది. ఒక్కటైతే పెద్ద నష్టం లేదు. కాదన్నారని వెంటనే రెండు మూడు బ్యాంకుల్లో కొత్త కార్డులకు అర్జీలు పెడితేనే అప్పు కోసం తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. అందుకే దరఖాస్తుకు ముందే “దీనికి ఎంక్వైరీ పడుతుందా?” అని కస్టమర్ కేర్‌ను అడగండి.

జీతం పెరిగి, ఏడాదిగా బిల్లులన్నీ సకాలంలో కట్టి ఉంటే అడగడానికి మంచి సమయం. రెండు మూడు నెలల్లో ఇంటి రుణానికి వెళ్లే ఆలోచన ఉంటే మాత్రం ఆగండి. అప్పుడు బిల్లు కోసం ఎదురు చూడకుండా, ఖర్చు పెట్టిన వారానికే కార్డులోకి డబ్బు కట్టేస్తూ ఉంటే సరిపోతుంది. కనిపించే బాకీ తగ్గుతుంది, ఎంక్వైరీ పడదు.