ఆప్-ఆంప్: వంద రెట్లు రావలసిన చోట డెబ్బై ఎందుకు?

ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో 741 ఆప్-ఆంప్‌తో ఇన్వర్టింగ్ యాంప్లిఫైయర్ కట్టారనుకుందాం. ఇన్‌పుట్ నిరోధం R1 = 1 కిలో ఓమ్, ఫీడ్‌బ్యాక్ నిరోధం R2 = 100 కిలో ఓమ్‌లు. పుస్తకంలోని సూత్రం ప్రకారం గెయిన్ −R2/R1, అంటే −100. కానీ 10 కిలోహెర్ట్జ్ దగ్గర కొలిస్తే 70 రెట్లే వస్తుంది. నిరోధాలు మార్చి చూసినా ఫలితం అదే. తప్పు వాటిది కాదు.

ఆప్-ఆంప్ సొంత గెయిన్ A (ఓపెన్ లూప్ గెయిన్) అనంతమని ఆ సూత్రం అనుకుంటుంది. అప్పుడు ఇన్వర్టింగ్ కాలు దగ్గర వోల్టేజీ సరిగ్గా సున్నా ఉంటుంది. దీన్నే వర్చువల్ గ్రౌండ్ అంటారు. నిజానికి A పరిమితం కాబట్టి, ఔట్‌పుట్ రావాలంటే ఆ కాలు దగ్గర −Vout/A అంత వోల్టేజీ ఉండి తీరాలి. R1 గుండా వచ్చే కరెంటు, R2 గుండా పోయే కరెంటు సమానమని ఈ విలువతో రాస్తే వచ్చే సూత్రం ఇది:

```
G = −(R2/R1) / [1 + (1 + R2/R1)/A]
```

దోషాన్ని నిర్ణయించేది (1 + R2/R1)/A అనే భాగం. మన సర్క్యూట్‌లో పైన ఉన్న విలువ 101. డీసీ దగ్గర 741కు A సాధారణంగా 2,00,000. కాబట్టి దోషం 0.05 శాతమే. 1 శాతం టాలరెన్స్ ఉన్న నిరోధాల మధ్య అది కనిపించదు.

అయితే ఈ A స్థిరంగా ఉండదు. ఆప్-ఆంప్ దానంతట అదే డోలనాలు చేయకుండా లోపల ఒక చిన్న కెపాసిటర్ పెడతారు. దానివల్ల 741లో సుమారు 5 హెర్ట్జ్ నుంచే A తగ్గడం మొదలై, 1 మెగాహెర్ట్జ్ దగ్గర 1కి చేరుతుంది. అంటే 10 కిలోహెర్ట్జ్ దగ్గర మిగిలేది 100 మాత్రమే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. A = 100 అని నేరుగా వేస్తే గెయిన్ దాదాపు 50 వస్తుంది. కానీ ఆ పౌనఃపున్యంలో A ఫేజ్ 90 డిగ్రీలు వెనుకబడి ఉంటుంది. అందువల్ల 1, 1.01 లను మామూలుగా కూడకూడదు. లంబకోణ త్రిభుజం భుజాల్లా తీసుకుని కర్ణం కనుక్కోవాలి. అది 1.42. వందను దానితో భాగిస్తే 70. ల్యాబ్‌లో వచ్చింది సరిగ్గా ఇదే.

కారణం ఇదేనని తేల్చుకోవడానికి ఓసిల్లోస్కోప్ ప్రోబ్‌ను ఇన్వర్టింగ్ కాలు మీద పెట్టాలి. R1 మొదట్లో 10 మిల్లీవోల్టులు ఇస్తే, సున్నా ఉండాల్సిన చోట సుమారు 7 మిల్లీవోల్టులు కనిపిస్తాయి. అక్కడ వర్చువల్ గ్రౌండ్ అన్న భావనే చెల్లదు.

అదే చిప్‌తో పని జరగాలంటే గెయిన్‌ను 10 చొప్పున రెండు అంచెలుగా విడదీయాలి. ఒక్కో అంచెలో దోష భాగం 11/100 అవుతుంది. ఒక్కో గెయిన్ 9.94, రెండూ కలిసి సుమారు 98.8. రెండుసార్లు తిరగబడటంతో గుర్తు మాత్రం ధనమవుతుంది.