ఐదేళ్లు బయటే ఉండిపోయిన తాళంచెవి

2022 అక్టోబరులో జపాన్ కార్ల కంపెనీ టయోటా తన కస్టమర్లకు క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. కారును ఇంటర్నెట్‌తో కలిపే టీ-కనెక్ట్ సేవను వాడుతున్న 2,96,019 మంది ఈమెయిల్ చిరునామాలు, కస్టమర్ నంబర్లు బయటివాళ్ల చేతికి చిక్కి ఉండవచ్చని ప్రకటించింది. ఆ వివరాలు కావాలంటే సర్వర్‌ను బద్దలు కొట్టాల్సిన పనే లేదు. వెబ్‌సైట్ తయారీ పని తీసుకున్న సంస్థ 2017 డిసెంబరులో సోర్స్ కోడ్‌లో కొంత భాగాన్ని పొరపాటున గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టింది. డేటా సర్వర్‌ను తెరిచే యాక్సెస్ కీ ఆ కోడ్‌లోనే రాసి ఉంది. 2022 సెప్టెంబరు 15న సంగతి బయటపడేదాకా దాదాపు ఐదేళ్లు అది అలాగే ఉంది. ఈలోగా ఎవరైనా వాడుకున్నారా అంటే, వాడినట్టు ఆధారం లేదనీ, వాడలేదని కచ్చితంగా చెప్పలేమనీ కంపెనీ ఒప్పుకుంది.

కోడ్ బయటికి పొక్కడం ఒక పొరపాటు. కోడ్‌లో కీ ఉండటం అంతకుముందే జరిగిపోయిన వేరే పొరపాటు. రెండోది లేకపోతే మొదటిదానివల్ల ఇంత నష్టం ఉండేది కాదు.

ప్రోగ్రామర్లు అలా ఎందుకు రాస్తారో ఒక చిన్న ఉదాహరణతో చూద్దాం. గుంటూరులో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ ఉందనుకోండి. రిపోర్టు సిద్ధం కాగానే పేషెంటుకు ఎస్సెమ్మెస్ వెళ్లాలి. మెసేజ్‌లు పంపే కంపెనీ ఈ సెంటర్‌కు ఒక సీక్రెట్ కీ ఇస్తుంది. ఆ కీ ఎవరి దగ్గరుంటే వాళ్లు సెంటర్ పేరుతో మెసేజ్‌లు పంపవచ్చు, బిల్లు మాత్రం సెంటర్‌కే వస్తుంది. ప్రోగ్రామ్ రాసే కుర్రాడు ముందు పని జరిగితే చాలనుకుని ఇలా రాస్తాడు:

```python
SMS_KEY = "demo-9f27c1"
```

మెసేజ్ వెళ్తుంది, అందరూ సంతోషిస్తారు, ఆ లైను అలాగే ఉండిపోతుంది. కానీ కోడ్ ఒకచోట ఉండేది కాదు. తోటి ఉద్యోగి ల్యాప్‌టాప్‌లోకి, బ్యాకప్‌లోకి, గిట్‌హబ్‌లోకి, రేపు పని అప్పగించే కాంట్రాక్టర్ దగ్గరికి వెళ్తుంది. అది వెళ్లిన ప్రతిచోటికీ కీ కూడా వెళ్తుంది.

దీనికి విరుగుడు కొత్తదేమీ కాదు. ఏ ప్రోగ్రామ్ మొదలైనా ఆపరేటింగ్ సిస్టమ్ దానికి ‘పేరు=విలువ’ రూపంలో ఒక చిన్న జాబితా అందిస్తుంది. వీటినే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారు. 1979లో వచ్చిన యునిక్స్ ఏడో వెర్షన్ నుంచీ ఈ ఏర్పాటు ఉంది. లినక్స్‌లో `env` అని, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో `set` అని కొడితే మీ కంప్యూటర్‌లోని జాబితా కనిపిస్తుంది. మన ప్రోగ్రామ్ కీని ఆ జాబితాలోంచి అడిగి తీసుకుంటే సరిపోతుంది:

```python
import os
SMS_KEY = os.environ["SMS_KEY"]
```

ఇప్పుడు కోడ్‌లో పేరే ఉంది, విలువ లేదు. ప్రోగ్రామర్ ల్యాప్‌టాప్‌లో పరీక్షల కోసం తీసుకున్న కీ, అసలు సర్వర్‌లో అసలు కీ ఉంటాయి. రెండుచోట్లా కోడ్ ఒక్కటే. డేటాబేస్ అడ్రసు లాంటివి కూడా ఇలాగే చోటును బట్టి మారుతుంటాయి. ఇలా మారేవాటన్నిటినీ కలిపి కాన్ఫిగరేషన్ అంటారు. అందులో రహస్యంగా ఉంచాల్సినవే సీక్రెట్లు.

ల్యాప్‌టాప్‌లో ఈ విలువలను సాధారణంగా `.env` అనే ఫైల్లో రాసుకుంటారు. పైథాన్ తనంతట తాను ఆ ఫైలును చదవదు, `python-dotenv` లాంటి లైబ్రరీ కావాలి. జాబితాలో కీ లేకపోతే పై కోడ్ మొదట్లోనే `KeyError` చూపించి ఆగిపోతుంది. అది మంచిదే. సగం పని జరిగాక మెసేజ్‌లు ఎందుకు వెళ్లడం లేదో వెతుక్కునే బాధ తప్పుతుంది. ఇంకో సంగతి: జాబితా ప్రోగ్రామ్ మొదలైనప్పుడు మాత్రమే అందుతుంది. విలువ మార్చాక ప్రోగ్రామ్‌ను మళ్లీ స్టార్ట్ చేయకపోతే పాత కీనే వాడుతుంటుంది.

`.env` ఫైలును గిట్‌లోకి ఎక్కించకూడదు. అందుకే దాని పేరును `.gitignore`లో రాస్తారు. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. ఫైలు అప్పటికే గిట్‌లోకి ఎక్కి ఉంటే `.gitignore`లో పేరు రాసినా ఫలితం ఉండదు. `git rm --cached .env` అని కొట్టి దాన్ని గిట్ లెక్కలోంచి తప్పించాలి. అప్పుడు కూడా ఇకముందు ఎక్కకుండా ఆపగలమే తప్ప, ఎక్కినదాన్ని చెరపలేం.

ఎందుకంటే గిట్ దేన్నీ మరచిపోదు. మన కుర్రాడు ఇవాళ తప్పు తెలుసుకుని కోడ్‌లోంచి కీ తీసేశాడనుకోండి. ఇప్పటి ఫైలులో అది కనిపించదు. కానీ ఆ ప్రాజెక్టు కాపీ ఉన్న ఎవరైనా ఇలా అడిగితే చాలు:

```
git log -p -S "demo-9f27c1"
```

కీని రాసిన రోజు, తీసేసిన రోజు, రెండు మార్పులూ కీతో సహా తెర మీదికి వస్తాయి. కీ ఏమిటో తెలియనివాళ్లు `SMS_KEY` అని వెతికినా పాత లైను దొరుకుతుంది. చరిత్రను తిరగరాసే పనిముట్లు లేకపోలేదు. కానీ అప్పటికే వేరేవాళ్లు దించుకున్న కాపీలను అవి ముట్టుకోలేవు.

కాబట్టి బయటపడ్డ కీకి చికిత్స చెరపడం కాదు, చెల్లకుండా చేయడం. ఎస్సెమ్మెస్ కంపెనీ సైట్‌లోకి వెళ్లి పాత కీని వెంటనే రద్దు చేయాలి. కొత్తది తీసుకుని సర్వర్‌లో పెట్టి, ప్రోగ్రామ్‌ను మళ్లీ స్టార్ట్ చేసి, ఒక మెసేజ్ పంపి చూసుకోవాలి. ఆ మధ్యలో కాసేపు మెసేజ్‌లు ఆగితే ఆగనివ్వాలి. తరువాత పాత కీతో ఎప్పుడెప్పుడు, ఎన్ని మెసేజ్‌లు వెళ్లాయో లెక్క తీసి, మనం పంపనివి ఉన్నాయేమో చూడాలి. టయోటా సెప్టెంబరు 15న కోడ్‌ను మూసేసింది, కీని మార్చింది మాత్రం 17న. నిజానికి తొందరపడాల్సింది రెండోదానికే. కోడ్‌ను దాచినా, అప్పటికే దాన్ని కాపీ చేసుకున్నవాడి చేతిలో కీ పనిచేస్తూనే ఉంటుంది.

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ కూడా ఇనప్పెట్టె కాదు. ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌ను నడిపిస్తే, వద్దని చెప్పకపోతే జాబితా మొత్తం దానికీ అందుతుంది. ఏదైనా తేడా వచ్చినప్పుడు ఆ జాబితానంతా ఎర్రర్ రిపోర్టులో అచ్చువేసే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. అందుకే పెద్ద సంస్థలు సీక్రెట్ల కోసం విడిగా ఒక సర్వీసు నడుపుతాయి. అడిగిన ప్రోగ్రామ్‌కు అనుమతి ఉంటేనే అది కీ ఇస్తుంది, ఎవరు ఎప్పుడు అడిగారో రాసిపెడుతుంది.

అసలు పనికిరాని చోటు మాత్రం ఒకటుంది. ఫోన్ యాప్, బ్రౌజర్‌లో నడిచే కోడ్ వాడేవాళ్ల చేతికే వెళ్తాయి. తయారీ సమయంలో కీని `.env`లోంచి తీసుకున్నా, తయారైన యాప్‌లో అది మామూలు అక్షరాలుగా కూర్చుంటుంది. విప్పి చూడటం తెలిసినవాడికి పెద్ద పని కాదు. అలాంటప్పుడు కీ సర్వర్‌లోనే ఉండాలి. యాప్ ‘ఈ పేషెంటుకు మెసేజ్ పంపు’ అని సర్వర్‌ను అడగాలి, పంపేది సర్వర్.

సొంత ప్రాజెక్టు ఏ స్థితిలో ఉందో తేల్చుకోవడానికి 2011లో హెరోకూ సంస్థకు చెందిన ఆడమ్ విగ్గిన్స్ ‘ట్వెల్వ్-ఫ్యాక్టర్ యాప్’ అనే పత్రంలో ఒక పరీక్ష రాశారు. మీ కోడ్ మొత్తాన్ని ఈ క్షణంలో లోకానికి చూపించినా ఒక్క రహస్యం కూడా బయటపడకూడదు. ఈ ప్రశ్న వేసుకునేటప్పుడు ఇవాళ్టి ఫైళ్లతో సరిపెట్టకుండా గిట్ చరిత్రను కూడా కలపాలి. ఎక్కువమంది తప్పేది అక్కడే.